ఒక గ్లాసు ప్రోటీన్ షేక్‌లో ఎన్ని క్యాలరీలు?

స్కూప్ పౌడర్, గ్లాసు పాలు, అరటిపండు, రెండు స్పూన్ల పీనట్ బటర్ వేసి షేక్ చేసుకుంటున్నా. క్యాలరీలు, మాక్రోలు ఎంత ఉంటాయి?

దాదాపు 570 క్యాలరీలు. ప్రోటీన్ 40 గ్రాములు, పిండిపదార్థాలు 49, కొవ్వు 26. ఇందులో 30 గ్రాముల వే పౌడర్‌ వాటా 120, 250 మి.లీ. వెన్న తీయని పాలది 155, మీడియం అరటిపండుది 105, 32 గ్రాముల పీనట్ బటర్‌ది 190 క్యాలరీలు. మీ పౌడర్ డబ్బా మీది అంకె వేరైతే దాన్నే తీసుకోండి.

లెక్క తప్పేది పీనట్ బటర్ దగ్గరే. టేబుల్ స్పూను అంచుకు సమంగా తీస్తే 16 గ్రాములు. గోపురంలా తీస్తే 25 దాటొచ్చు. అలా రెండు వేస్తే తెలియకుండానే వంద క్యాలరీలు పెరుగుతాయి. సీసాని త్రాసు మీద పెట్టి సున్నా చేసి, స్పూనుతో తీయండి. మైనస్‌లో కనిపించేదే మీరు వేసుకున్న బరువు.

బరువు తగ్గాలనుకుంటే ముందు దీన్నే ఒక స్పూనుకు దించండి. 95 క్యాలరీలు తగ్గినా ప్రోటీన్ పోయేది నాలుగు గ్రాములలోపే.