1440పి మానిటర్‌లో 1080పి గేమ్ మసగ్గా ఉంటే: స్కేలింగ్ మానిటర్‌కి వదలాలా, డ్రైవర్‌కి ఇవ్వాలా?

ప్రశ్న: "27 అంగుళాల 1440పి మానిటర్ కొన్నాను, కార్డు మాత్రం పాత జీటీఎక్స్ 1660 సూపరే. గేమ్ 1080పిలో పెడితే ఎఫ్‌పీఎస్ బాగుంది కానీ అక్షరాలన్నీ అలికినట్టు ఉన్నాయి. ఎన్విడియా సెట్టింగ్స్‌లో స్కేలింగ్ GPU పెట్టాలా, Display పెట్టాలా? దేనికి మసక తక్కువ?"

నాదీ ఇదే జోడీ. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ షాపుల సముదాయం సీటీసీలో మానిటర్ తీసుకునేసరికే జేబు ఖాళీ, కార్డు సంగతి తర్వాత చూద్దాంలే అనుకున్నా. ఆ తర్వాత ఈ రెండు సెట్టింగులూ మార్చి మార్చి చూశాను. నా మానిటర్‌లో Display పెడితే అక్షరాల అంచులు కాస్త గట్టిగా కనిపిస్తాయి గానీ, వాటి చుట్టూ సన్నగా తెల్లటి అంచు ఒకటి వస్తుంది. GPU పెడితే ఆ అంచు ఉండదు, బొమ్మంతా కొంచెం మెత్తబడుతుంది. మసక మాత్రం రెండింట్లోనూ ఉంది. మీ మానిటర్‌లోని స్కేలర్ వేరే రకమైతే ఫలితం తారుమారు కావచ్చు.

మసక ఎందుకు పోదంటే, 1920 పిక్సెళ్లను 2560కి సాగదీయడమంటే ప్రతి 3 పిక్సెళ్లను 4 చోట్ల సర్దడం. తెల్లటి నేపథ్యం మీద ఒక పిక్సెల్ మందం నల్లగీత ఉందనుకోండి. అది ఆ మూడింట్లో మధ్యదైతే, స్క్రీన్ మీద రెండు పిక్సెళ్ల మీదకి పడుతుంది, ఒక్కోదాంట్లో మూడింట రెండు వంతులు. నల్లగీత కాస్తా పక్కపక్కనే రెండు బూడిదరంగు గీతలవుతుంది. అదే గీత మూడింట్లో మొదటిదైతే ఒక పిక్సెల్ పూర్తి నలుపు, పక్కది లేత బూడిద. మినీమ్యాప్ మీద ఒకే పదంలో ఒక అక్షరం స్పష్టంగా, పక్కది ఉబ్బినట్టు కనిపించేది ఇందుకే. ఈ లెక్క మానిటర్ చేసినా డ్రైవర్ చేసినా 3కి 4 మారదు. కలిపే పద్ధతిలోనే తేడా, పైన ఎంత షార్ప్‌నెస్ పూస్తారన్నదే తేడా.

మీరే పోల్చి చూస్తానంటే స్క్రీన్‌షాట్ తీయకండి. డ్రైవర్ చేసే ఈ స్కేలింగ్ సిగ్నల్ బయటికి వెళ్లే చివరి మెట్టులో జరుగుతుంది కాబట్టి, స్క్రీన్‌షాట్‌లో సాగదీయకముందున్న 1080పి బొమ్మే పడుతుంది. రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఫోన్ కెమెరా దగ్గరగా పెట్టి ఏదైనా చిన్న అక్షరాలున్న మెనూని ఫొటో తీయండి. ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్‌లో "Adjust desktop size and position" కింద "Perform scaling on" అని ఉంటుంది, మార్చాల్సింది అక్కడే.

మార్చాక అది నిజంగా పని చేస్తోందా అని గేమ్ నడుస్తుండగానే మానిటర్ మెనూలో ఇన్ఫర్మేషన్ పేజీ తెరిచి చూడండి. Display అయితే 1920x1080 అని, GPU అయితే 2560x1440 అని ఉండాలి. ఏది పెట్టినా 2560x1440 అనే చూపిస్తుంటే గేమ్ బోర్డర్‌లెస్‌లో నడుస్తున్నట్టే. అప్పుడు స్క్రీన్ మోడ్ అసలు మారదు, కాబట్టి ఈ సెట్టింగ్ ఎటు తిప్పినా ఫలితం ఉండదు.

మసక సంగతి పక్కన పెడితే నేను GPU వైపే ఉన్నాను, కారణం రిఫ్రెష్ రేట్. కొన్ని మానిటర్లు 1080పి సిగ్నల్‌కి తమ పూర్తి రిఫ్రెష్ రేట్ ఇవ్వవు. GPU పెడితే సిగ్నల్ ఎప్పుడూ 1440పిలోనే వెళ్తుంది కాబట్టి ఆ బాధ ఉండదు. లాప్‌టాప్ వాళ్లకైతే ఈ చర్చే అనవసరం, చాలావాటి లోపలి ప్యానెల్‌కి సొంత స్కేలరే ఉండదు.

అసలు మందు ఇంకోచోట ఉంది. గేమ్‌లో రిజల్యూషన్ 2560x1440లోనే ఉంచి, రెండర్ స్కేల్ 75 శాతానికి దించండి. 3డీ దృశ్యం 1920x1080లోనే తయారవుతుంది, కార్డు మీద భారం దాదాపు అంతే తగ్గుతుంది. చాలా గేముల్లో మినీమ్యాప్, సబ్‌టైటిల్స్, మెనూలు మాత్రం పూర్తి 1440పిలో గీస్తారు కాబట్టి అక్షరాలు బ్లేడులా ఉంటాయి. దూరంగా ఉన్న చెట్ల ఆకులు కాస్త మెత్తబడతాయి, ఆడుతుంటే అది నాకు పట్టలేదు. కొన్ని గేములు ఈ శాతాన్ని వెడల్పు, ఎత్తులకి కాకుండా మొత్తం పిక్సెళ్లకి లెక్కేస్తాయి. అక్కడ 1080పి కావాలంటే 56 దగ్గర పెట్టాలి. తక్కువ రిజల్యూషన్ బొమ్మని పెద్దది చేసే ఎఫ్ఎస్ఆర్ అనే సెట్టింగ్ ఉన్న గేమ్ అయితే రెండర్ స్కేల్ బదులు అందులో Quality ఎంచుకోండి. అదే పని చేసే ఎన్విడియా డీఎల్ఎస్ఎస్ మన 1660 మీద రాదు.

రెండర్ స్కేల్ లేని పాత గేములకి కంట్రోల్ ప్యానెల్‌లో "Image Scaling" ఆన్ చేసి, గేమ్‌లో తక్కువ రిజల్యూషన్ పెట్టాలి. పక్కనే ఉన్న ఇండికేటర్ టిక్ చేస్తే స్క్రీన్ మూలన NIS అని వస్తుంది. ఆకుపచ్చగా ఉంటే స్కేలింగ్ జరుగుతున్నట్టు, నీలంగా ఉంటే షార్ప్‌నెస్ ఒక్కటే. అది కూడా మినీమ్యాప్, మెనూల్లాంటి వాటిని కలిపే సాగదీస్తుంది, కాబట్టి అక్షరాలు బాగుపడినా నేటివ్‌లా ఉండవు. పిక్సెల్ ఆర్ట్ గేములకైతే 1280x720 పెట్టి స్కేలింగ్ మోడ్‌లో "Integer scaling" ఎంచుకోండి. ఒక్కో పిక్సెల్ సరిగ్గా 2x2 గడి అవుతుంది, మసక బొత్తిగా ఉండదు. 3డీ గేములో మాత్రం ఇదే సెట్టింగ్ పెడితే అంచులన్నీ మెట్లు మెట్లుగా కనిపిస్తాయి.