గర్భంలో గుండెపై భారం, మైట్రల్ కవాటం

ప్రశ్న: గర్భం వస్తే గుండెపై భారం ఎందుకు పెరుగుతుంది? ఏ గుండె జబ్బులున్నవారికి ప్రమాదం?

గర్భానికి ముందు నాలుగు లీటర్లున్న రక్తం ఎనిమిదో నెలకల్లా దాదాపు ఆరు లీటర్లవుతుంది. గుండె నిమిషానికి 10 నుంచి 20 సార్లు ఎక్కువగా కొట్టుకుంటుంది.

మన దేశంలో ఈ భారానికి తరచుగా లొంగిపోయేది, చిన్ననాటి రుమాటిక్ జ్వరం వల్ల ఇరుకైపోయిన మైట్రల్ కవాటం, అంటే గుండెలో ఎడమ కర్ణికకూ ఎడమ జఠరికకూ మధ్యనుండే తలుపు. మామూలుగా 4 నుంచి 6 చదరపు సెంటీమీటర్లుండే ఆ దారి 1.5కు తగ్గినప్పుడు, ఎడమ కర్ణికలోని రక్తం జఠరికలోకి దిగడానికి ఎక్కువ సమయం కావాలి; గుండె వేగం పెరగడంతో ఉన్న సమయమే తగ్గిపోయి, రక్తం వెనక్కి నిలిచి ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుంది. అంతవరకూ ఏ ఇబ్బందీ లేని స్త్రీ ఆరో నెలలో వెల్లకిలా పడుకోలేక, రెండు దిండ్లు ఎత్తుపెట్టుకుని, అర్ధరాత్రి దగ్గుతో లేచి కూర్చుంటుంది. దీన్ని గర్భిణుల మామూలు ఆయాసమని కొట్టిపారేయడమే అసలు చిక్కు. ఎకో పరీక్షతో విషయం తేలిపోతుంది. గుండె వేగం తగ్గించే మందులు చాలామందికి సరిపోతాయి, చాలనప్పుడు బెలూన్‌తో కవాటాన్ని వెడల్పు చేస్తారు. కాన్పయిన వెంటనే గర్భాశయం ముడుచుకుని రక్తాన్ని ఒక్కసారిగా గుండెవైపు నెడుతుంది కనుక, ఆ తొలి రెండు రోజులు మరీ జాగ్రత్తగా చూడాలి.

ఊపిరితిత్తుల ధమనుల్లో అధిక రక్తపోటు, బాగా బలహీనపడిన గుండె కండరం, శరీరంలోని బంధన కణజాలాన్ని బలహీనపరిచే జన్యు జబ్బైన మార్ఫాన్ వ్యాధిలో 45 మిల్లీమీటర్లు దాటి ఉబ్బిన బృహద్ధమని ఉన్నవారికి మాత్రం గర్భమే వద్దని వైద్యులు చెబుతారు.