వేపుడును పచ్చి దుంప లెక్కతో కొలవకండి

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 47. ఆరేళ్లుగా షుగర్ ఉంది. బరువు తగ్గాలని రాత్రి అన్నం మానేసి బంగాళాదుంపలు తింటున్నాను. ఒకరోజు ఉడికించినవి, ఒకరోజు కాల్చినవి, పిల్లలు చేసుకున్న రోజు ఫ్రెంచ్ ఫ్రైస్. ఏదైనా ప్లేటులో తూచి 100 గ్రాములకు 77 కేలరీలని లెక్క వేసుకుంటున్నాను. ఇది సరైనదేనా? అన్నం లేదు కదా అని షుగర్ మాత్ర సగానికి విరిచి వేసుకుంటున్నాను. - ఒక పాఠకుడు, ఆమదాలవలస

జవాబు: కేలరీల కన్నా ముందు మాత్ర సంగతి చెప్పాలి. షుగర్ మాత్రల్లో కొన్ని మందును గంటల తరబడి కొద్దికొద్దిగా విడుదల చేసేలా తయారవుతాయి. వాటిని విరిస్తే ఆ అమరిక దెబ్బతిని మందు ఒక్కసారిగా విడుదల కావచ్చు. మీరు వాడుతున్న మాత్ర ఏదో రాయలేదు కాబట్టి, అది విరవదగినదా కాదా అన్నది ఇక్కడి నుంచి నేను చెప్పలేను. పైగా అన్నం మానేసినా పిండి పదార్థం మానేసినట్టు కాదు. 200 గ్రాముల పచ్చి దుంపలో సుమారు 35 గ్రాముల పిండి పదార్థం ఉంటుంది, దుంపను ఉడికించినా వేయించినా అది దాదాపు అంతే. మందు తగ్గించవలసిన అవసరం నిజంగానే ఉండవచ్చు, కానీ ఆ నిర్ణయం మీ రక్తపరీక్షలు చూసి మీ డాక్టరు తీసుకోవలసినది. ఇంట్లో సొంతంగా చేసుకున్న ఇలాంటి మార్పులతో ఇబ్బంది పడి వచ్చేవారిని తరచూ చూస్తుంటాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఇక మీ లెక్క. 77 కేలరీలు అన్నది 100 గ్రాముల పచ్చి దుంపకు ఉజ్జాయింపుగా చెప్పే అంకె. పచ్చి దుంపలో దాదాపు ఐదింట నాలుగు వంతులు నీరే. వండేటప్పుడు మారేది ముఖ్యంగా ఆ నీటి పాళ్లు, నూనె వాడితే నూనె. 200 గ్రాముల దుంపలను తొక్కతో ఉడికిస్తే బరువు పెద్దగా మారదు, కేలరీలు 154 దగ్గరే ఉంటాయి. అవే దుంపలను నూనె లేకుండా కాలిస్తే నీరు ఆవిరై 150 గ్రాములకు దిగవచ్చు, కానీ కేలరీలు మాత్రం అవే 154. అందుకే కాల్చిన దుంపను కాల్చాక తూచి 77తో లెక్కిస్తే తక్కువ వస్తుంది. వండకముందే, తినని తొక్క తీసేసి తూచడం అన్నిటికన్నా నమ్మదగిన పద్ధతి. కాల్చేటప్పుడు ఒక టీస్పూను నూనె రాస్తే దాని 40 నుంచి 45 కేలరీలను విడిగా కలుపుకోవాలి.

ఫ్రైస్ దగ్గర మీ లెక్క బాగా తప్పుతుంది. తొక్క తీశాక 400 గ్రాములున్న ముక్కలు వేయించారనుకుందాం. పచ్చి లెక్కన 308 కేలరీలు. మూకుడును నూనెతో సహా వేయించకముందు ఒకసారి, వేయించి పూర్తిగా చల్లారాక మరోసారి తూచండి. ముక్కల్లోని నీరు ఆవిరై పోతుంది కనుక, తగ్గిన బరువు దాదాపుగా ముక్కలతో వెళ్లిన నూనెదే. 30 గ్రాములు తగ్గిందనుకుంటే, వేరుశనగ నూనె అయినా పామాయిల్ అయినా గ్రాముకు 9 చొప్పున 270 కేలరీలు. మొత్తం 578. వేగిన ముక్కలన్నీ తూస్తే 220 గ్రాములు వచ్చి, అందులో సగం, అంటే 110 గ్రాములు, మీరు తింటే మీకు చేరినవి 289. మీ పద్ధతిలో అవే 110 గ్రాములు 85గా కనబడతాయి. ముక్కలను కాగితం మీద వేస్తే, కాగితానికి అంటిన నూనెను కూడా తూచి తీసేయాలి. మూకుడు అడుగున మిగిలిన దుంప తునకల వల్ల కొద్దిపాటి తేడా వస్తుంది, దాన్ని పట్టించుకోనక్కర్లేదు.

ముక్క నూనెలో ఉన్నంతసేపూ దానిలోంచి ఆవిరి బయటికి తన్నుతూ ఉంటుంది కాబట్టి నూనె అంతగా లోపలికి వెళ్లలేదు. బయటికి తీశాక, చల్లారేకొద్దీ లోపలి ఆవిరి తగ్గి, పైన అంటుకున్న నూనెను ముక్క లోపలికి లాక్కుంటుంది. అందువల్ల చిల్లుల గరిటెతో తీసిన వెంటనే, వేడి మీదే, మూకుడు పైన బాగా దులిపి వడగట్టాలి. గిన్నెలో పోసి చల్లారాక ఒత్తితే వచ్చేది తక్కువే. సన్నగా తరిగితే నూనె తగిలే ఉపరితలం పెరుగుతుంది. పలుచని చిప్స్‌లో బరువులో మూడో వంతు వరకు నూనె ఉండడానికి అదొక ముఖ్య కారణం. అందుకే ఒకే దుంపకు ఒకే అంకె ఎవరూ ఇవ్వలేరు, మీ వంటింటి మూకుడు బరువే మీకు సరైన అంకె ఇస్తుంది.

కేలరీలు తక్కువైనంత మాత్రాన రక్తంలో షుగర్ తక్కువ పెరుగుతుందని అనుకోవద్దు. ఉడికించిన దుంప కేలరీల్లో తేలికైనా, తిన్న కొద్దిసేపటికే షుగర్‌ను బాగా పెంచగలదు. వేపుడులోని నూనె ఆ పెరుగుదలను ఆలస్యం చేయవచ్చు, కనుక ఆ రోజు రెండు గంటల పరీక్ష బాగున్నా తరువాత అంకె ఎక్కవచ్చు. దుంపలు తిన్న రోజుల్లో తినకముందు, రెండు గంటలకు, వేపుడు తిన్న రోజు నాలుగు గంటలకు కూడా గ్లూకోమీటర్‌తో చూసి కాగితం మీద రాసుకోండి. ఎప్పుడైనా చెమటలు పట్టి, చేతులు వణికి, అంకె 70 కన్నా తక్కువ చూపితే దుంపలు తినకండి, మూడు టీస్పూన్ల పంచదార నీళ్లలో కలుపుకుని తాగి, 15 నిమిషాలకు మళ్లీ పరీక్షించుకోండి. అప్పటికీ అంకె పెరగకపోయినా, మగతగా ఉన్నా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఆ కాగితం, మాత్రల అట్ట, ఇటీవలి హెచ్‌బీఏ1సీ, క్రియాటినిన్ రిపోర్టులు తీసుకుని ఈ వారంలోనే మీకు మందు రాసిన డాక్టరును కలవండి. అంతవరకు పూర్తి మాత్రకు మారాలా, సగమే వేసుకోవాలా అన్నది ఈరోజే వారికి ఫోన్ చేసి అడగండి.