ఎక్కువ టిక్కులు వచ్చిందే కొనాలా?

ప్రశ్న: బాలానగర్‌లో ఆఫీసు ఫర్నిచర్ వ్యాపారం నాది. ప్రొప్రైటర్‌షిప్, టర్నోవర్ కోటీ ఇరవై లక్షలు, ఆరుగురు స్టాఫ్. జీఎస్టీ రిటర్నులు నెలనెలా వేస్తాం. నెలకు పది పన్నెండు పెద్ద లోడ్లు బయటికి వెళ్తాయి. అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ కోసం మూడింటిని ఎక్సెల్‌లో 26 వరసలు పెట్టి పోల్చాను. మొదటిదానికి 18 టిక్కులు, ఏడాదికి రూ.12,000. రెండోదానికి 21, రూ.15,000. మూడోదానికి 24, రూ.28,000. షీటు పంపుతున్నాను. ఖర్చు ఎక్కువైనా మూడోదే తీసుకోమంటారా?

జవాబు: వద్దండీ. మీ షీటు ప్రింటు తీసుకుని ఎర్ర పెన్నుతో కూర్చున్నాను. బిల్లు ప్రింటు, బ్యాలెన్స్ షీటు లాంటి 11 వరసల్లో మూడింటికీ టిక్కే ఉంది, పనిలోనూ తేడా ఉండదు. అందరికీ ఒకేలా ఉన్నదాన్ని బట్టి ఎవరినీ ఎంచుకోలేం కాబట్టి ముందు వాటిని కొట్టేశాను.

మిగిలిన 15లో ఇంకో 11 మీకు అక్కర్లేనివి. ఈ-ఇన్‌వాయిస్ 5 కోట్ల టర్నోవర్ దాటినవాళ్లకు. ఎంట్రీ ఎవరు, ఎప్పుడు మార్చారో రాసిపెట్టే ఎడిట్ లాగ్ 2023 ఏప్రిల్ నుంచి కంపెనీలకు తప్పనిసరి, మీది కంపెనీ కాదు. ఉంటే మంచిదే, దానికోసం డబ్బు మాత్రం పెట్టక్కర్లేదు. బ్యాచ్ ఎక్స్‌పైరీ డేట్లనే వరస కూడా ఉంది. కుర్చీలకు ఎక్స్‌పైరీ ఏమిటండీ! మూడోదానికి వచ్చిన 24 టిక్కుల్లో తొమ్మిది ఇలాంటి వరసల్లోవే.

చివరికి మిగిలింది ఇదీ. వీటిలో మూడింటికీ టిక్ ఉన్న వరసల్లోనూ పనిచేసే తీరు వేరుగా ఉండొచ్చు, అందుకే కొట్టేయలేదు:

| వరస | మొదటిది | రెండోది | మూడోది |
|---|---|---|---|
| జీఎస్‌టీఆర్-2బీతో కొనుగోళ్లు సరిచూడటం | ✓ | ✓ | ✓* |
| ఈ-వే బిల్లు | ✗ | ✓ | ✓ |
| ఇద్దరు ఒకేసారి పనిచేయడం | ✓ | ✓ | ✓ |
| డేటా బయటికి తీయడం | ✓ | ✓ | ✓ |

మూడోదాని పక్కనున్న ఆ చుక్కను చూశారా? షీటు అడుగున మీరే చిన్న అక్షరాల్లో రాశారు, 'పై ప్లాన్‌లో మాత్రమే' అని. అంటే రూ.28,000 ఇచ్చినా ఆ పని రాదు. నా లెక్కలో అది ఇంటూ మార్కే.

మీ డబ్బుకు నేరుగా ముడిపడింది ఆ మొదటి వరసే. సప్లయర్లు తమ రిటర్నులో చూపించిన బిల్లులు ప్రతి నెలా 14న మీ జీఎస్‌టీఆర్-2బీలోకి వస్తాయి. అందులో లేని బిల్లు మీద కట్టిన జీఎస్టీకి ఆ నెల క్రెడిట్ తీసుకోకూడదు. ఒక సప్లయర్ రూ.85,000 సరుకు పంపి రిటర్న్ వేయలేదనుకోండి. 18 శాతం చొప్పున రూ.15,300 ఆగిపోతుంది. గమనించకుండా వాడేసుకుంటే తర్వాత వడ్డీతో కట్టాలి.

టిక్ పెట్టిన కంపెనీలన్నీ ఇది ఒకేలా చేయవు. కొన్ని 2బీని తెరమీద చూపించి ఊరుకుంటాయి, కొన్ని బిల్లు బిల్లుకీ జత కలుపుతాయి. తేల్చుకోవాలంటే డెమోలో వాళ్ల శాంపిల్ డేటా వద్దని చెప్పి, పోయిన నెల మీ కొనుగోళ్లూ మీ 2బీ ఫైలూ ఎక్కించమనండి. కావాలనే రెండు తప్పులు పెట్టండి. సప్లయర్ 0087 అని రాసిన బిల్లును మీరు 87 అని కొట్టండి. 2బీలో లేని బిల్లు ఒకటి చేర్చండి. మొదటి తప్పును 'ఇది అదే కావచ్చు' అని ముందు పెట్టి, రెండో తప్పును విడిగా చూపిస్తే ఆ టిక్ నిజం. రెండింటినీ 'కలవలేదు' అని ఒకే కుప్పలో పడేస్తే, మీ అకౌంటెంట్ ప్రతి నెలా ఆ కుప్పను చేత్తో ఏరుకోవాలి.

ఈ-వే బిల్లు దగ్గరున్న ఇంటూ మార్కును చూసి మొదటిదాన్ని వదిలేయకండి. రూ.50,000 దాటిన సరుకుకు ఆ బిల్లు కావాలి, నిజమే. కానీ నెలకు పన్నెండే కదా, ప్రభుత్వ పోర్టల్‌లో నేరుగా కొట్టుకోవచ్చు. రోజుకు పన్నెండు అయ్యుంటే వేరే మాట.

ఇద్దరు పనిచేయడానికి రెండో లాగిన్‌కు విడిగా డబ్బు తీసుకుంటారేమో అడగండి. ఏడాదికి రూ.3,000 అన్నారనుకుందాం. మొదటిది మూడేళ్లకు రూ.45,000 అవుతుంది. మూడోది అదనం ఏమీ లేకుండానే రూ.84,000.

డేటా సంగతిలో నాకే దెబ్బ తగిలింది. మా ఆఫీసుకు మొదట కొన్న సాఫ్ట్‌వేర్‌లో 'ఎక్స్‌పోర్ట్' దగ్గర టిక్ చూసి నమ్మాను. మారేటప్పుడు చూస్తే వచ్చేది పీడీఎఫ్ మాత్రమే. మూడేళ్ల లెడ్జర్లు ఓ కుర్రాడితో మళ్లీ టైప్ చేయించాం, రెండు నెలలు పట్టింది. అందుకే డెమోలోనే ఒక సప్లయర్ లెడ్జర్‌ను ఎక్సెల్‌లోకి తీయించండి. తేదీ, బిల్లు నంబరు, మొత్తం వేర్వేరు గడుల్లో రావాలి. ఆ ఫైలు మీ సీఏకు పంపి, ఆయన వాడే దాంట్లోకి ఎక్కుతుందో లేదో అడగండి.

ముందు మొదటిదాన్ని పరీక్షించండి. 2బీ, ఎక్స్‌పోర్ట్ రెండూ నెగ్గితే అదే కొనండి, ఒక్కటి తప్పినా రెండోదానికి ఇదే పరీక్ష పెట్టండి. కట్టేది ఒక ఏడాదికే కట్టండి, మూడేళ్ల డిస్కౌంట్ ఎంత ఊరించినా సరే. ఏప్రిల్ 1 ఓపెనింగ్ బ్యాలెన్సులతో మొదలుపెడితే పాత ఏడాది ఎంట్రీలు మోసుకురావాల్సిన పని ఉండదు.