అమ్మ ఫ్యామిలీ పెన్షన్ గురించి మేనల్లుడికి

తిరుపతి

నాయనా,

రైల్వేలో పనిచేసి రిటైరైన మీ నాన్న ఫిబ్రవరి చివర్లో పోతే, ఏప్రిల్ మొదట్లో కాగితాలన్నీ ఇచ్చినా, అక్టోబరు అయిపోతున్నా అమ్మకు ఫ్యామిలీ పెన్షన్ పడలేదని చెప్పావు. చిత్తూరులో బ్రాంచికి వెళ్లిన ప్రతిసారీ "పైకి పంపినాం, వస్తుందమ్మా" అంటున్నారన్నావు. ఇంక ఊరికే వెళ్లి అడిగి రావడం ఆపు. నోటిమాటగా అడిగినదానికి ఎక్కడా లెక్క ఉండదు. రాసిచ్చిన ఫిర్యాదు తేదీ నుంచే గడువు మొదలవుతుంది.

ముందు ఫైలు ఎక్కడ ఆగిందో తేల్చుకో. నాన్న పెన్షన్ మంజూరు ఉత్తర్వు, అదే పీపీఓ, తీసి ఫ్యామిలీ పెన్షన్ భాగం చూడు. అక్కడ అమ్మ పేరు, ఎంత పెన్షన్ వస్తుందో రాసి ఉంటే రైల్వే చేయాల్సిన పని అయిపోయినట్టే. ఇక మొదలుపెట్టాల్సింది బ్యాంకు. ఆ భాగం ఖాళీగా ఉంటే మాత్రం బ్యాంకును ఎంత తిట్టినా లాభం లేదు, రైల్వే పర్సనల్ విభాగమే రాసి పంపాలి. బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ చూసేది బ్యాంకు తప్పును మాత్రమే. చాలామంది ఇది తెలియక ఫిర్యాదు పెట్టి, అది మూసేశాక దిగులుపడతారు. నువ్వు చెప్పినదాన్నిబట్టి అమ్మ పేరు ఉంది, కాబట్టి మన ఫిర్యాదు బ్యాంకు మీదే.

ఇప్పుడు బ్రాంచి మేనేజర్ పేరిట ఒక పేజీ లేఖ రాయి. పీపీఓ నంబరు, నాన్న చనిపోయిన తేదీ, ఏప్రిల్లో ఇచ్చిన కాగితాల పేర్లు, ఇచ్చిన తేదీ రాయి. అమ్మానాన్నలది జాయింట్ అకౌంట్ కాబట్టి కొత్త అకౌంట్ తెరవమని అడగకూడదు, అదీ ఒక వాక్యంలో పెట్టు. రెండో కాపీ మీద సీలు, తేదీ, సంతకం వేయించుకో. వేయకపోతే రిజిస్టర్డ్ పోస్టులో పంపి రసీదు దాచు. అదే లేఖను బ్యాంకు నోడల్ అధికారికి మెయిల్ చెయ్యి. ఆ చిరునామా బ్యాంకు వెబ్‌సైటులో ఫిర్యాదుల పేజీలో ఉంటుంది. పెన్షన్ లెక్క వేసేది బ్రాంచి కాదు, సీపీపీసీ అనే కేంద్రం. నోడల్ అధికారి అడిగితేనే అక్కడ కదలిక వస్తుంది.

లేఖలో డబ్బు లెక్క కూడా రాయి. నాన్న చివరి బేసిక్ జీతం 50,000 అన్నావు. నాన్నకు 67 దాటాయి కాబట్టి వచ్చేది సాధారణ రేటు, బేసిక్‌లో 30 శాతం, అంటే 15,000. పెన్షన్ మీద ఇచ్చే కరువు భత్యం డీఆర్ పక్కనపెట్టినా మార్చి నుంచి సెప్టెంబరు దాకా 1,05,000 బాకీ. బ్యాంకు వల్ల పెన్షన్ ఆలస్యమైతే ఏడాదికి 8 శాతం చొప్పున పరిహారం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నియమం. మనం అడగకపోయినా వాళ్లే జమ చేయాలి. 15,000 మీద అది నెలకు 100. మార్చి, ఏప్రిల్ డబ్బు ఏప్రిల్ ఆఖరుకు పడాల్సిందని లెక్కేస్తే ఇవాళ్టికి సుమారు 2,700 అవుతుంది. మొత్తం చిన్నదే, కానీ అది లేఖలో కనబడితే ఆలస్యం ఎవరిదో కాగితం మీదికి వస్తుంది.

ఇది రైల్వే పెన్షన్ కాబట్టి అదే రోజు కేంద్ర ప్రభుత్వ పెన్షన్ ఫిర్యాదుల వెబ్‌సైటు pgportal.gov.in/pension లో కూడా ఫిర్యాదు పెట్టు, నంబరు రాసుకో. "బ్యాంకుకు పంపాం" అని రాసి మూసేస్తే ఊరుకోకు, అక్కడే అప్పీలుకు అవకాశం ఉంటుంది. మన పక్కింటి మాస్టారులా రాష్ట్ర పెన్షన్ అయితే దారి వేరు. అది ట్రెజరీ నుంచి వస్తుంది, సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇవ్వాలి.

బ్యాంకుకు లేఖ అందిన 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా cms.rbi.org.in లో అంబుడ్స్‌మన్‌కు పెట్టు. ముప్పై రోజులు నిండకముందే తొందరపడి పెడితే తిప్పి పంపేస్తారు. అలాగని నెలల తరబడి ఆలస్యం చేయకు, దానికీ గడువు ఉంది. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. అమ్మ రాసిచ్చిన అనుమతితో నువ్వే పెట్టొచ్చు. సీలు పడిన కాపీ, పీపీఓ, మరణ ధ్రువపత్రం, పాస్‌బుక్ పేజీలు జతచెయ్యి. ఫారం నింపేటప్పుడు సందేహం వస్తే 14448కి ఫోన్ చెయ్యి. ఏం కావాలో అడిగే చోట కోపం అంతా రాయకు. ఫ్యామిలీ పెన్షన్ మొదలుపెట్టాలి, బాకీ ఇవ్వాలి, 8 శాతం చెల్లించాలి, ఈ మూడే రాయి.

నాకున్న అనుమానం ఒక్కటే. అమ్మ పేరు ఆధార్‌లో ఒక రకంగా, పీపీఓలో ఒక రకంగా ఉంటే సీపీపీసీ ఫైలు పక్కన పెట్టేసి, బ్రాంచికి కూడా సరిగా చెప్పదు. ఈ రాత్రే రెండూ పక్కపక్కన పెట్టి చూసి ఫోన్ చెయ్యి. తేడా ఉంటే రెండు పేర్లూ ఒకరివేనని అఫిడవిట్ చేయించి లేఖతోపాటే ఇద్దాం.

మీ మామయ్య