తట్టు నోటీసులో ముందుగా తేదీలు రాయండి

"మా క్లాసులో ఒక బాబుకి తట్టు అని తేలింది. తల్లిదండ్రులకి ఏం రాసి పంపాలి? అందరూ టెన్షన్ పడతారేమో."

పేరు రాయకండి, తేదీలు మాత్రం స్పష్టంగా రాయండి. దద్దుర్లు కనిపించడానికి 4 రోజుల ముందు నుంచే తట్టు అంటుకుంటుంది. బాబుకి 10వ తేదీన దద్దుర్లు వచ్చి, 9 వరకు బడికి వచ్చాడనుకుందాం. అప్పుడు "6 నుంచి 9 వరకు క్లాసులో ఉన్న పిల్లలందరూ" అని రాయాలి. పక్క బెంచీ వాళ్లే అనుకోవద్దు. రోగి వెళ్లిపోయాక కూడా 2 గంటల దాకా వైరస్ గది గాలిలో ఉంటుంది.

తర్వాత టీకా కార్డు చూడమనండి. రెండు డోసులూ పడిన పిల్లలు మామూలుగా రావచ్చు. ఒక్కటీ పడకపోతే, మొదటిసారి వైరస్ తగిలిన 72 గంటల్లోపు వేయిస్తే జబ్బు రాకుండా ఆగే అవకాశం ఉంది. ఆరో తేదీన క్లాసులో ఉన్నవాళ్లకి ఆ గడువు 9తోనే ముగిసింది. 9న మాత్రమే వచ్చిన పాపకి 12 వరకు ఉంది. టీకా సమయానికి పడని పిల్లలు సాధారణంగా చివరిసారి వైరస్ తగిలిన 9వ తేదీ నుంచి 21 రోజులు, అంటే 30 వరకు, ఇంట్లోనే ఉండాలి.

ఇంట్లో గర్భిణులు, పసిపిల్లలు, రోగనిరోధక శక్తి తక్కువున్నవాళ్లు ఉంటే అదే రోజు డాక్టర్‌కి ఫోన్ చేయమనండి. వాళ్లలో కొందరికి 6 రోజుల్లోపు ఇచ్చే ఇంజెక్షన్ వేరే ఉంది.

జ్వరం, దగ్గు, ఎర్రబడిన కళ్లు ముందొస్తాయి, దద్దుర్లు ఆ తర్వాతే. చాలామంది జలుబేలే అని బడికి పంపేది అప్పుడే. ఆసుపత్రికి వెళ్లేముందు ఫోన్ చేయమని కూడా రాయండి, లేకపోతే వెయిటింగ్ హాల్లో ఇంకొందరికి అంటుతుంది.