నెలవారీ షీట్లతో పాటు అకౌంటెంట్‌కు ఏం రాసి పంపాలి?

"మాది చిన్న ఫ్యాన్సీ షాపు. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ నుంచి ఏప్రిల్, మే, జూన్ అమ్మకాలు ఒకే ఫైలుగా తీసి, ఎక్సెల్‌లో నెలకో షీటుగా విడగొట్టాను. జనవరి, ఆగస్టు తేదీలతో కనబడిన కొన్ని బిల్లుల్ని చేత్తో సర్దాక మొత్తం సరిపోయింది. ఎలా విడగొట్టారో రాసి పంపమని అకౌంటెంట్ గారు అడుగుతున్నారు. ఏం రాయాలి?"

రాసే ముందు ఆ జనవరి, ఆగస్టు తేదీల సంగతి చూడండి. అవి ఎక్సెల్ తారుమారు చేసిన తేదీలు. మన సాఫ్ట్‌వేర్ 08/04 అని ఇస్తే అది ఏప్రిల్ 8. కంప్యూటర్‌లో తేదీల అమరిక అమెరికా పద్ధతిలో ఉంటే ఎక్సెల్ దాన్ని ఆగస్టు 4గా చదువుతుంది. ఆగస్టు బిల్లు మీ కంటికి కనబడింది కాబట్టి సర్దారు. కానీ ఏప్రిల్ 5 బిల్లు మే 4గా మారి మే షీటులోకి, మే 4 బిల్లు ఏప్రిల్ 5గా మారి ఏప్రిల్‌లోకి పోతాయి. ఇలా ఈ మూడు నెలల్లో ఆరు రోజుల బిల్లులు పక్క షీట్లలో కలిసిపోతాయి. అయినా మొత్తం మారదు. జీఎస్‌టీ నెలనెలా కట్టేవారికి ఇది నష్టమే. తక్కువ చూపిన నెల పన్నుపై ఏడాదికి 18 శాతం లెక్కన వడ్డీ పడుతుంది.

దీన్ని పట్టించేది బిల్లు నంబరే. ఫైలును బిల్లు నంబరు వరుసలో పెట్టండి. తేదీ ముందుకే నడవాలి. ఎక్కడైనా వెనక్కి తిరిగితే ఆ బిల్లు తేదీయో, దానికి ముందున్న బిల్లుల తేదీయో తప్పు. 13వ నెల లేదు కాబట్టి 12 దాటిన రోజులు తేదీగా మారక, అక్షరాలుగా మిగిలిపోతాయి. తేదీలు B నిలువు వరుసలో ఉంటే పక్క గడిలో ఇలా అడగండి:

```
=ISTEXT(B2)
```

TRUE వస్తే అది తేదీ కాదు. ఈ ఫైలును చేత్తో దిద్దకండి. సాఫ్ట్‌వేర్ ఇచ్చిన అసలు ఫైలును మళ్లీ దిగుమతి చేసుకుని, తేదీల నిలువు వరుసకు DMY, అంటే రోజు-నెల-ఏడాది క్రమం, ఎంచుకుని, అప్పుడు విడగొట్టండి. తర్వాత ఇలా రాయవచ్చు:

"సార్, అసలు ఫైలు ముట్టుకోకుండా జత చేశాను. బిల్లు తేదీని బట్టి నెలలుగా విడగొట్టాను. ఏప్రిల్‌లో బిల్లులు 1–412, రూ.2,14,600. మేలో 413–790, రూ.1,98,250. జూన్‌లో 791–1185, రూ.2,07,900. మొత్తం రూ.6,20,750, అసలు ఫైలులోనూ అంతే. ఇవన్నీ పన్ను కలిపిన మొత్తాలు. రద్దయిన 96, 305 నంబర్లను తీసేయకుండా సున్నాతో ఉంచాను. ఏప్రిల్ 28న అమ్మిన సరుకు మే 12న వాపసు వచ్చింది. క్రెడిట్ నోట్ ఆ రోజే ఇచ్చాం కాబట్టి మేలో తగ్గించాను."

అంకెలు మీవి వేసుకోండి. రద్దయిన బిల్లుల వాక్యం మాత్రం వదలకండి. వరుసలో నంబరు లేకపోతే, అమ్మి లెక్కలో చూపలేదేమో అన్న అనుమానం అక్కడే మొదలవుతుంది.